అద్దంలో నేను, కిటికీలో కుర్చీ

నిన్న సాయంత్రం నా స్టేటస్‌లో పెట్టిన ఫోటో మీరు చూసే ఉంటారు. బయట వాన, కిటికీ పక్కన నేను, చేతిలో లావుపాటి పుస్తకం, చూపు ఎటో. కింద "ఏదో అలా..." అని చిన్న ముక్క. ఇదంతా సొంత డబ్బా అని కొందరు గొణుక్కుంటున్నట్టు నాకు తెలిసింది. ఎవరూ నాతో అనలేదు, నేనే ఊహించాను. శాస్త్రం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

మనిషికి తన మీద తనకున్న అభిప్రాయం ఎదుటివాళ్లనే అద్దంలో చూసుకుని తెచ్చుకున్నదేనని 1902లోనే చార్లెస్ హోర్టన్ కూలీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చెప్పాడు. ఆ చూసుకోవడంలో మూడు మెట్లున్నాయట. ఎదుటివాడికి నేనెలా కనిపిస్తున్నానో మొదట ఊహిస్తాను. అలా కనిపించిన నా గురించి అతను ఏమనుకుంటాడో తర్వాత ఊహిస్తాను. ఆ రెండు ఊహలనూ నమ్మి చివరికి పొంగిపోతాను, లేదా సిగ్గుతో చచ్చిపోతాను. ఈ మొత్తం వ్యవహారంలో ఎదుటివాడు ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. అతను పక్కగదిలో నిద్రపోతున్నా మన పని ఆగదు.

నా విషయమే తీసుకోండి. ఫోటో పెట్టింది 7 గంటలకు. 7 గంటల 12 నిమిషాలకు ఒక మిత్రుడు చూసినట్టు పేరు పడింది. లైక్ లేదు, ఉలుకూ పలుకూ లేదు. 7:20కి అతను బిజీ. 7:45కి నా పుస్తకం అతనికి గొప్పలుగా కనిపించింది. 8:30కి అతనికి మొదటి నుంచీ నా మీద కుళ్లు. పదింటికి అతన్ని క్షమించేశాను. ఈ మూడు గంటల్లో మా మధ్య ఒక్క మాట కూడా నడవలేదని మనవి. ఇంతకీ ఆ పుస్తకం మీద నాకే అనుమానం, పదకొండో పేజీ దాటలేదు. నా అనుమానాన్ని అతని తలలో పెట్టి, అక్కడి నుంచి బయటికి తీసి చదువుకున్నాను. కూలీ అద్దంలో ఉన్న చిక్కు ఇదే, అందులో కనిపించే ఎదుటివాడి మొహం కూడా చాలావరకు మనం గీసుకున్నదే.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతిని ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. స్కాట్లాండ్‌లోని షెట్‌లాండ్ దీవుల్లో ఉండి అక్కడి హోటల్‌ను గమనిస్తే, పనివాళ్లు అతిథుల ముందు ఒకలా, వంటగదిలో ఇంకోలా ఉన్నారట. ఒకటి స్టేజీ, రెండోది తెరవెనుక. మనం కావాలని ఇచ్చే ముద్ర ఒకటైతే, మనకు తెలియకుండా మననుంచి జారిపోయేది మరొకటి అంటాడు. జనం రెండోదాన్నే ఎక్కువ నమ్ముతారు, ఎందుకంటే దాన్ని మనం దిద్దలేమని వాళ్లకు తెలుసు.

అందుకే "ఏదో అలా" అనిపించడానికి నాకు 43 ఫోటోలు పట్టాయి. ఒకదాంట్లో కళ్లు మూసుకున్నాను. ఇంకోదాంట్లో పుస్తకం తలకిందులు. చూపు ఎటో పోవాలి కానీ మొహం మాత్రం కెమెరాకు కనబడాలి. ఇది అంత తేలిక కాదు, ప్రయత్నించి చూడండి. ఆఖరికి కుదిరిన ఫోటోలో నేను చూసుకోనిది కిటికీ అద్దం. పొద్దున్నుంచి మడతపెట్టని బట్టల గుట్ట, దాన్ని మోస్తున్న కుర్చీ, మేజా మీద సర్ది పెట్టిన ఫోన్, అన్నీ అందులో స్పష్టంగా పడ్డాయి. తెరవెనుక మొత్తం స్టేజీ మీదకు వచ్చి కూర్చుంది. మా పిన్ని ఒక్కతే జూమ్ చేసింది. "బాగుంది నాన్నా, ముందు ఆ బట్టలు మడతపెట్టు" అని మెసేజ్.

స్టేటస్ చూసేవాళ్లలో పిన్నీ ఉంది, మేనేజరూ ఉన్నాడు, చిన్నప్పుడు నా నోట్సు కాపీ కొట్టినవాడూ ఉన్నాడు. విడిగా ఒక్కొక్కరి ముందు ఒక్కో వేషం వేయగలను. ముగ్గురినీ ఒకే హాల్లో కూర్చోబెడితే ఏ వేషం కట్టాలి? సాయంత్రం నుంచీ అదే టెన్షన్.

ఈ టెన్షన్‌కూ ఒక ప్రయోగం ఉంది. 2000లో అచ్చయిన పరిశోధనలో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అతని తోటివాళ్లు ఒక విద్యార్థికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి కొందరున్న గదిలోకి పంపారు. ఇలా ఒక్కొక్కరినే పంపి చూశారు. గదిలో సగం మంది దాకా ఆ బొమ్మను గుర్తుపట్టి ఉంటారని తొడుక్కున్నవాళ్ల అంచనా. నిజంగా గుర్తుపట్టినవాళ్లు పావువంతు అటూ ఇటూ. నాకు ఇది చదివి ఊరట కలగలేదు. సిగ్గుపడాల్సిన టీషర్టుకే పావువంతు మంది అయితే, ఇక నా పుస్తకాన్ని ఎవరు గమనిస్తారు?

ఇవాళ ఆ మిత్రుడే కలిశాడు. గంభీరంగా, పరిశోధన కోసమే అన్నట్టు, నిన్నటి స్టేటస్ ఎలా ఉందని అడిగాను.

"నీదా? ఒకటి తెరిస్తే మిగతావి వాటంతటవే పోతుంటాయి కదరా. కిటికీలాంటిదేదో వచ్చింది, కర్టెన్ల యాడ్ అనుకున్నా" అన్నాడు.