వడ్డాణం అద్దెకి, గాజులు సొంతానికి

మా పిన్ని కూతురి పెళ్లికి ముందు ఇంట్లో నెల రోజులు నలిగిన విషయం వడ్డాణం. బంగారంతోనే చేయించాలని పిన్ని పట్టు. బాబాయి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాడు.

గ్రాము తొమ్మిది వేలు అనుకుందాం అన్నాడు. నిండుగా కనిపించే వడ్డాణానికి 150 గ్రాములు వేసుకున్నా బంగారానికే 13.5 లక్షలు. లక్ష్మీదేవి బొమ్మలు చెక్కిన నకాషీ పని కాబట్టి తరుగు 18 శాతం చెప్పారు, అది 2.43 లక్షలు. పైన 3 శాతం జీఎస్టీ. మొత్తం 16.4 లక్షల చిల్లర. రేపు అదే రేటుకి అమ్మితే చేతికొచ్చేది మహా అయితే 13.5 లక్షలు. రాళ్లు పొదిగి, లోపల లక్క నింపిన నగైతే వాటి బరువు కూడా తీసేసి లెక్కకడతారు. అంటే మూడు లక్షలకు దగ్గరగా కొన్న రోజే పోయినట్టు. వేసుకునేది పెళ్లికి, సీమంతానికి, ఆ తర్వాత చెల్లెలి పెళ్లికి. మిగతా రోజులు లాకర్‌లోనే.

"బంగారం రేటు పెరుగుతుంది కదా" అని పిన్ని అడిగింది. పెరగొచ్చు, కానీ పెరిగేది బంగారం విలువే, తరుగుకి పోసిన డబ్బు కాదు. తరుగు తక్కువుండే సాదా గాజులో గొలుసో కొంటే అదే డబ్బుకి గ్రాములు ఎక్కువ వస్తాయి, రోజూ వేసుకోవచ్చు కూడా. అందుకే నా లెక్క ఇది: పుస్తెలు, నల్లపూసలు, గాజులు, చెవులవి బంగారం. వడ్డాణం, పెద్ద హారం, అరవంకీలు, జడబిళ్లలు కృత్రిమం. ఇవన్నీ చీర మీదో జాకెట్టు మీదో జడ మీదో కూర్చునేవే. ఫొటోలో తేడా కనిపెట్టడం కంసాలికి కూడా కష్టం.

చెవుల్ని వేరుగా చెప్పడానికి కారణం ఉంది. గిల్టు నగల్లో చాలావాటికి లోపల రాగో ఇత్తడో ఉంటుంది, కొన్నింటి పూత కింద నికెల్ కూడా ఉంటుంది. నికెల్ పడని వాళ్లకి చెవి తమ్మె ఎర్రబడి దురద పెడుతుంది, వాచిపోవచ్చు కూడా. బుట్టలు కృత్రిమమే కావాలంటే కాడ మాత్రం బంగారంతోనో వెండితోనో వేయించుకోవాలి.

మచిలీపట్నం పక్కన చిలకలపూడి పేరు మన ఇళ్లలో తెలియనివాళ్లుండరు. రోల్డ్ గోల్డ్ అంటే అదే. ఒకప్పుడు రాగి మీద పలచని బంగారు రేకు అతికించి సాగదీసేవారు, ఇప్పుడు ఎక్కువగా కరెంటుతో పూత పోస్తున్నారు. ‘వన్ గ్రామ్ గోల్డ్’ అన్నంత మాత్రాన నగలో గ్రాము బంగారం ఉండాలని లేదు. పూత ఎంత మందం అన్నదే అసలు ప్రశ్న. చెమట, సెంటు తగిలితే పలచని పూత నల్లబడుతుంది. కాబట్టి సెంటు కొట్టుకుని, అది ఆరాకే నగ పెట్టుకోవాలి.

ఒకే ఒక్క పెళ్లికైతే కొనడం కంటే అద్దె మేలు. అయితే షాపులో సెట్ ముందువైపు చూసి మురిసిపోకండి, వెనక్కి తిప్పండి. కొక్కేల దగ్గర, అంచుల్లో ఆకుపచ్చ మరక ఉంటే పూత పోయి రాగి బయటపడిందని అర్థం. కెంపులు ఊడిన చోట జిగురు పెట్టారేమో వేలితో తడిమి చూడండి. వడ్డాణాన్ని పట్టుచీర మీదే కట్టి చూడాలి, వెనక గరుకుగా ఉంటే జరీ పోగులు లాగేస్తుంది. డబ్బు కట్టే ముందే ప్రతి నగకీ రెండు వైపులా ఫొటో తీసుకోండి.

చుట్టాల బంగారం అరువు తెచ్చుకోవడం మాత్రం నాకు నచ్చదు. కిరాయి లేదు నిజమే, కానీ ఎవరో ఒకరు బ్యాగు ఒళ్లో పెట్టుకుని పెళ్లంతా విడిది గదిలోనే కూర్చోవాలి. తప్పదనుకుంటే తీసుకునేటప్పుడూ తిరిగిచ్చేటప్పుడూ ఇద్దరి ఎదుటా తూకం వేయించడమే మంచిది. అడగడానికి మొహమాటమే, కానీ తర్వాత వచ్చే మాటల కంటే నయం.

కృత్రిమం అస్సలు పనికిరాని చోటు ఒకటుంది. అమ్మాయికి ఇంత బంగారం పెడుతున్నామని అవతలివాళ్లకి చెప్పి, అందులో గిల్టు కలపడం. అత్తగారు పాలిష్‌కి ఇచ్చిన రోజు బయటపడుతుంది, నిలదీసేది అమ్మాయినే. వడ్డాణం అద్దెదని పిన్ని వాళ్లు ముందే చెప్పేశారు. వియ్యపురాలు నవ్వి, తన పెద్ద కోడలి వడ్డాణం కూడా అద్దెదేనంది.

పెళ్లి మర్నాడు నేనే నగలు తిరిగివ్వడానికి వెళ్లాను. షాపతను భూతద్దం పెట్టి లెక్కపెట్టి, వడ్డాణంలో ఒక కెంపు లేదని డిపాజిట్‌లో మూడు వందలు పట్టుకున్నాడు. అది తలంబ్రాల్లో పడిపోయి ఉంటుందని పిన్ని ఇప్పటికీ అంటుంది.