రోడ్డు మధ్యగీత గారు ఎటు జరిగారో, దానికి నా సమాధానం

గౌరవనీయులైన టౌన్ ప్లానింగ్ విభాగం వారికి,

నా ఇంటి ప్లానులో లోపాలు సరిచేయమని మీరు పంపిన షార్ట్‌ఫాల్ లెటర్ అందింది. తెలంగాణలో 2020 టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవాళ్ల మాట నమ్మి, స్వీయ ధృవీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి ఇస్తున్నారు. నన్నూ అలాగే నమ్మారు. ఆ నమ్మకం సరైనదేనా అని 21 రోజుల్లో చూసుకునే వీలు కూడా చట్టంలో ఉంది కనుక, కొలతలు తీసే మీ చైన్‌మన్ టేపు పట్టుకుని మా వీధికి వచ్చాడు. అక్కడి నుంచే నా టెన్షన్ మొదలైంది.

ముందు చిన్న అభ్యంతరం. కింది అంతస్తులో టాయిలెట్ విస్తీర్ణం సున్నా అని మీ సాఫ్ట్‌వేర్ తేల్చింది. మా ప్లానర్ గీసిన పాలీలైను ఒక మూలన వెంట్రుకవాసి కలవలేదట. గీత మూసుకోకపోతే కంప్యూటర్ దృష్టిలో అది గదే కాదు. మూల కలిపించాను. ఇప్పుడు మాకు టాయిలెట్ ఉంది.

ఇక అసలు సంగతి. నాది 200 గజాలు, తూర్పు ముఖం. రోడ్డు వెంట 40 అడుగులు, లోపలికి 45 అడుగులు. నా దస్తావేజులో తూర్పు హద్దు 25 అడుగుల రోడ్డు. భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 9 మీటర్లకు తక్కువున్న రోడ్డు మీద కట్టేవాడు రోడ్డు మధ్య నుంచి 4.5 మీటర్లు, అంటే 14 అడుగుల 9 అంగుళాలు వదలాలి. 25లో సగం పన్నెండున్నర. కాబట్టి నేను 2 అడుగుల 3 అంగుళాలు, మొత్తం 10 గజాలు రోడ్డుకి ఉచితంగా ఇస్తున్నట్టు ప్లానులో చూపించాను. దాని తర్వాతే ఇంటి ముందు ఖాళీగా ఉంచాల్సిన మీటరున్నర సెట్‌బ్యాక్ కూడా వదిలాను. ఇందులో నాకు పేచీ లేదు, రేపు అందరికీ రోడ్డు కావాలి.

మీ అభ్యంతరం ఏమిటంటే, "స్థలం వద్ద రోడ్డు 22 అడుగులే ఉంది, మధ్యగీత సవరించి ప్లాను మళ్లీ సమర్పించాలి" అని. కొలత నిజమే. ఆ మిగతా 3 అడుగులు ఎక్కడికి పోయాయో చైన్‌మన్‌కి కనపడకపోవడానికి కారణం, వాటి మీద ఎదురింటివారి ప్రహరీ ఉండటం. దాని మీద తులసికోట కూడా ఉంది, అందుకని టేపు గౌరవంగా అక్కడే ఆగిపోయింది.

22లో సగం 11. ఎదురింటాయన 3 అడుగులు ముందుకొస్తే, మధ్యగీత అడుగున్నర నా వైపు జరిగింది. ఇప్పుడు నేను వదలాల్సింది 3 అడుగుల 9 అంగుళాలు. 10 గజాలు కాస్తా 16 దాటాయి. రేపు ఆయన పై అంతస్తుకి అనుమతి అడిగితే ఆయనా 3 అడుగుల 9 అంగుళాలే వదలాలి, సమన్యాయమే. కాకపోతే అందులో 3 అడుగులు రోడ్డువే కనుక, ఆయన సొంత జాగా నుంచి పోయేది 9 అంగుళాలు. ఆక్రమించినవాడికి తొమ్మిది అంగుళాలు, ఆక్రమించనివాడికి దానికి అయిదింతలు! దరఖాస్తు పెట్టకముందే నేను కూడా ఓ మూడడుగులు ముందుకు జరిగి గోడ కట్టుకుని ఉంటే, మధ్యగీత మళ్లీ తన చోటికి వచ్చేసేది. మీ లెక్కలో వీధికి న్యాయం జరగాలంటే ఇద్దరమూ దొంగలం కావాలన్నమాట.

ఎవరు జరిగారో తేల్చడం కష్టమేమీ కాదు. ఎదురింటి దస్తావేజు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చాను. అందులో లోతు 45 అడుగులు, పడమర హద్దు 25 అడుగుల రోడ్డు. వాళ్ల వెనక గోడ నుంచి ముందు ప్రహరీ దాకా కొలిస్తే 48 వస్తుంది. నా వైపు వెనక హద్దురాయి నుంచి కొలిస్తే సరిగ్గా 45. రోడ్డు ఒక్కదాన్నే కొలిస్తే రోడ్డు ఎంత మిగిలిందో తెలుస్తుంది గాని ఎవరు తిన్నారో తెలియదు. అటూ ఇటూ ప్లాట్లు కూడా కొలవాలి.

కాబట్టి సవరించిన ప్లానులో టాయిలెట్ తప్ప ఏమీ మార్చలేదు. మధ్యగీత లేఅవుట్ ప్రకారమే ఉంచి, ఎదురు ప్రహరీ ఎంత ముందుకొచ్చిందో చుక్కల గీతతో చూపించాను. అయినా 3 అడుగుల 9 అంగుళాలే కావాలంటే, ఎదురింటివారి ఆక్రమణలో సగం నా ఖాతాలో వేస్తున్నట్టు కారణాలతో సహా రాసి సంతకం పెట్టి ఇవ్వండి. పై అధికారులకు అప్పీలు పెట్టుకోవడానికి నాకు ఆ కాగితం పనికొస్తుంది.

లేదంటే జాయింట్ సర్వేకి తేదీ చెప్పండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి నేనొస్తాను. తులసికోట జరపమని మాత్రం మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ స్వీయ ధృవీకృత యజమాని